ఓదార్పు మాట ఉర్దూలో రాయాలంటే...

కొత్త ఉద్యోగంలో సహోద్యోగి తండ్రి పోయారని తెలిస్తే ఏం రాయాలి? ఏ మాట వాడాలి, ఏది వాడకూడదు?

ఉదయం తొమ్మిది దాటింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్. మీ పక్క సీట్లో కూర్చునే సీనియర్ తండ్రి రాత్రి పోయారు. కింద వరసగా జవాబులు. ‘ఇన్నా లిల్లాహి’ అని మొదలయ్యే అరబిక్ వాక్యం, ఇంగ్లిష్‌లో ‘ఆర్ఐపీ’, చేతులు జోడించిన బొమ్మలు. ఆయన రోజూ మీతో మాట్లాడేది హైదరాబాదీ ఉర్దూలో. మీకు పని నేర్పిందీ ఆ భాషలోనే. ఆయన భాషలోనే నాలుగు మాటలు రాయాలనిపిస్తుంది. మొదలుపెడతారు, చెరిపేస్తారు. స్కూల్లో చదివిన హిందీ ఉంది, సినిమాల్లో విన్న మాటలున్నాయి. అయినా భయం... ఒక్క మాట తేడా వస్తే?

ఆ భయం ఊరికే కాదు. ఉర్దూలో సంతాప సందేశాన్ని ‘తాజియత్’ అంటారు. ‘తహ్నియత్’ అంటే అభినందన. వినడానికి రెండూ దగ్గరగానే ఉంటాయి! అయితే ఈ సందేశానికి ఒక స్థిరమైన చట్రం ఉంది. నాలుగు వాక్యాలు. అవి అర్థం చేసుకుని రాస్తే తప్పు జరిగే అవకాశం చాలా తక్కువ.

తొందరలో రాస్తే ఇలా...

హిందీ పరిచయంతో చాలామంది ముందుగా రాసేది ఇలా ఉంటుంది: ‘భాయ్, ఆప్ కా వాలిద్ మర్ గయా సున్ కే బహుత్ దుఖ్ హువా. మహ్రూమ్ కో జన్నత్ మిలే. టెన్షన్ మత్ లో, సబ్ ఠీక్ హో జాయేగా.’

రాసినవారి మనసు మంచిదే. కానీ ఇందులో నాలుగు పొరపాట్లున్నాయి.

మొదటిది ‘మర్ గయా’. మనం తెలుగులో పెద్దవారి గురించి ‘చచ్చిపోయాడు’ అనం కదా, కాలం చేశారు, పోయారు అంటాం. ఉర్దూలో ఆ చోట వాడే మాట ‘ఇంతెఖాల్’. ఒక చోటి నుంచి మరో చోటికి మారడం అని దాని మూలార్థం. ‘వఫాత్’ అని కూడా రాస్తారు.

రెండోది ‘ఆప్ కా వాలిద్’. పెద్దవారి గురించి చెప్పేటప్పుడు ఉర్దూలో బహువచనమే గౌరవం, తెలుగులో ‘వారు’ అన్నట్టు. కాబట్టి ‘ఆప్ కే వాలిద్ సాహబ్’ అనాలి. ‘నేక్ ఇన్సాన్ థా’ కాదు, ‘నేక్ ఇన్సాన్ థే’. ఈ చిన్న మార్పును మరిచిపోతే ఎంత మంచి మాట రాసినా ఏకవచనంలో పిలిచినట్టే ఉంటుంది.

మూడోది ‘మహ్రూమ్’. రాయాల్సింది ‘మర్హూమ్’. కరుణ పొందినవారు అని అర్థం. రహీమ్, రహ్మాన్ అనే పేర్లకు మూలమైన ధాతువే దీనికీ మూలం. మన ‘కీర్తిశేషులు’ స్థానంలో వాడతారు. ‘మహ్రూమ్’ అంటే ఏదో దక్కనివాడు, వంచితుడు. ‘ర’, ‘హ’ చోట్లు మారితే అర్థం ఇలా తిరగబడుతుంది.

నాలుగోది ‘సబ్ ఠీక్ హో జాయేగా’. తండ్రి పోయిన రోజున అంతా సర్దుకుంటుందనడం ఓదార్పు కాదు. అక్కడ ఉర్దూలో కోరేది ‘సబ్ర్’ను, అంటే ఓర్పును. దుఃఖం లేకుండా పోవాలని కాదు, దాన్ని మోసే శక్తి ఇవ్వాలని.

నాలుగు వాక్యాలు ఇవీ...

అందుకోవాల్సినవారు అన్వర్ అనుకుందాం. వయసులో పెద్ద, మీ టీమ్ సీనియర్. పై సందేశాన్నే సరిచేసి రాస్తే ఇలా వస్తుంది.

‘మొహతరమ్ అన్వర్ సాహబ్, ఆదాబ్.

ఆప్ కే వాలిద్ సాహబ్ కే ఇంతెఖాల్ కీ ఖబర్ సున్ కర్ బేహద్ అఫ్సోస్ హువా.

ఆప్ అక్సర్ ఉన్ కా జిక్ర్ కర్తే థే, ఇస్ లియే లగ్తా హై కె మై ఉన్ సే మిల్ చుకా హూ.

అల్లాహ్ తఆలా మర్హూమ్ కీ మగ్ఫిరత్ ఫర్మాయే, ఉన్హే జన్నత్ మే ఆలా మఖామ్ అతా ఫర్మాయే ఔర్ ఆప్ సబ్ కో సబ్ర్-ఎ-జమీల్ దే.

దఫ్తర్ కే కామ్ కీ ఫిక్ర్ న కీజియే, ఆజ్ కీ రిపోర్ట్ మై భేజ్ దూంగా. కిసీ భీ ఖిద్మత్ కే లియే హాజిర్ హూ.

షరీక్-ఎ-గమ్,’

దాని కింద మీ పేరు.

మొదటి వాక్యం వార్త విన్నానని, బాధ కలిగిందని చెబుతుంది. రెండోది పోయినవారి గురించి. మూడోది దువా, అంటే ప్రార్థన. నాలుగోది మీరు చేయగలిగిన సాయం. ‘షరీక్-ఎ-గమ్’ అంటే మీ దుఃఖంలో భాగస్థుణ్ని అని.

మాటలు కొత్తగా కనిపిస్తున్నా వీటిలో కొన్ని మన ఇంట్లో ఉన్నవే. ఖబర్ మన ‘కబురు’. మఖామ్ మన ‘మకాం’. ‘ఆలా మఖామ్’ అంటే ఉన్నత స్థానం. హాజిర్ మన ‘హాజరు’. ఇక ‘మగ్ఫిరత్’ అంటే క్షమాపణ. తెలిసో తెలియకో చేసిన తప్పులను దేవుడు మన్నించాలని కోరడం. ఆయన తప్పులు చేశారని ఎత్తిచూపడం కాదు, ఈ ప్రార్థనలో అందరి కోసం కోరేదే. ‘సబ్ర్-ఎ-జమీల్’ అంటే చక్కని ఓర్పు, ఫిర్యాదు లేని ఓర్పు.

రెండో వాక్యం మీదే

మిగతా మూడు వాక్యాలూ ఎవరు రాసినా దాదాపు ఒకేలా ఉంటాయి. అలా ఉండటమే పద్ధతి. ఆ రోజు అన్వర్ గారి ఫోన్‌కు వచ్చే సందేశాల్లో మీది వేరుగా నిలిచేది రెండో వాక్యంతోనే. కాబట్టి అందులో నిజమే రాయండి. పండుగకు వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన ఆప్యాయంగా మాట్లాడి ఉంటే ‘ఈద్ పర్ ఉన్ సే ములాఖాత్ హుయీ థీ, ఉన్ కీ షఫ్ఖత్ హమేషా యాద్ రహేగీ’ అనండి. షఫ్ఖత్ అంటే పెద్దలు పిన్నల మీద చూపే వాత్సల్యం. ఎప్పుడూ చూడకపోతే గొప్పవారు, పుణ్యాత్ములు అని ఊహించి రాయొద్దు. కొడుకు నోట ఆయన గురించి విన్నది చాలు. అదీ లేకపోతే ఆ వాక్యం వదిలేయండి. మూడు వాక్యాల సందేశం కూడా నిండుగానే ఉంటుంది.

నాలుగో వాక్యంలోనూ ఇదే జాగ్రత్త. ‘ఏం కావాలన్నా చెప్పండి’ అని ఊరుకుంటే చెప్పే పని ఆయన మీద పడుతుంది. ఫలానా రిపోర్ట్ నేను పంపిస్తాను అంటే ఒక బరువు నిజంగా తగ్గుతుంది. పంపగలిగితేనే రాయండి.

మీరు ఎవరు, అవతల ఎవరు?

రాసేది అమ్మాయి అయితే క్రియలు మారతాయి: ‘మిల్ చుకీ హూ’, ‘భేజ్ దూంగీ’. ‘అఫ్సోస్ హువా’ మాత్రం మారదు, ఎందుకంటే అక్కడ క్రియ అఫ్సోస్ అనే మాటను అనుసరిస్తుంది. పోయింది తల్లి అయితే ‘ఆప్ కీ వాలిదా సాహిబా’, ‘మర్హూమా’ అని రాయాలి. సహోద్యోగిని అయితే ‘మొహతరమా’ అని సంబోధించాలి.

మీ ఈడు స్నేహితుడైతే ‘మొహతరమ్’ అక్కర్లేదు, ‘అన్వర్ భాయ్’ చాలు. కానీ రోజూ ‘తుమ్’ అని పిలుచుకున్నా ఈ ఒక్క సందేశంలో ‘ఆప్’ వాడితే బాగుంటుంది. క్యాంటీన్‌లో సరదాగా అనుకునే నక్కో, కైకు, హౌ లాంటి దక్కనీ మాటలు నోటికి ఎంత దగ్గరివైనా ఇక్కడ పక్కన పెట్టండి.

మీరు ముస్లిం కాకపోతే ‘అల్లాహ్’ అని రాయవచ్చా? రాయవచ్చు. ఆయన నమ్మే దేవుడి పేరుతో ఆయన తండ్రికి మేలు కోరడం ఉర్దూ మర్యాదలో సహజమే. పలకరింపుగా మతంతో ముడిపడని ‘ఆదాబ్’ ఉంది. ‘ఇన్నా లిల్లాహి’ వాక్యం మాత్రం అరబిక్‌లో ఉన్న ఖురాన్ వాక్యం. మనం దేవుడివాళ్లం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం అని భావం. మీరు దాన్ని రాయాలన్న నియమం లేదు. అక్షరం తప్పుగా రాసేకంటే ఉర్దూ దువాతో ఆపడం మేలు.

ఉర్దూ మాట్లాడే ప్రతి ఒక్కరూ ముస్లిం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లో తరతరాలుగా ఉర్దూ చదివిన హిందూ కుటుంబాలున్నాయి. ముస్లిమేతరులు పోయినప్పుడు ఉర్దూలో ‘మర్హూమ్’ బదులు ‘ఆంజహానీ’ అంటారు, పరలోకానికి చెందినవారు అని. అప్పుడు మగ్ఫిరత్, జన్నత్ అనే దువా కూడా మార్చి ‘భగవాన్ ఉన్ కీ ఆత్మా కో శాంతి దే’ అని రాయాలి.

పంపే ముందు

ముస్లిం కుటుంబాల్లో ఖననం ఆలస్యం చేయరు, చాలాసార్లు అదే రోజు జరుగుతుంది. ఆ గంటల్లో ఫోన్ చేసి ఎలా జరిగింది, ఏ జబ్బు అని అడగకండి. సందేశం పంపి వదిలేయండి. గ్రూపులో కాకుండా ఆయనకే విడిగా పంపండి. ఆలస్యంగా తెలిస్తే మూడు రోజుల్లోగా రాయడం బాగుంటుంది.

ఉర్దూ లిపి రాకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయవచ్చు, వాట్సాప్‌లో చాలామంది ఉర్దూ అలాగే రాసుకుంటారు. ఒక్క జాగ్రత్త. ఇంతెఖాల్, మఖామ్, షఫ్ఖత్ మాటల్లో ‘ఖ’కు క్యూ అక్షరం వాడతారు, హైదరాబాద్‌లో మాత్రం ‘ఖ’ అనే పలుకుతారు. ఖబర్, ఖిద్మత్‌లకు కేహెచ్. టైప్ చేశాక ఫోన్ తనంతట తాను మాట మార్చిందేమో చూడండి. ‘ఇంతెఖాల్’ చివరి అక్షరం మారి ‘ఇంతెఖామ్’ అయితే పగ తీర్చుకోవడం అవుతుంది. ఉర్దూ తెలిసిన మరో సహోద్యోగికి ఒకసారి చూపించి పంపితే ఇంకా మంచిది.

జవాబు రాకపోతే ఎదురుచూడకండి. ‘షుక్రియా’ అనో ‘జజాకల్లాహ్’ అనో వస్తే అక్కడితో ఆపేయండి, దానికి మళ్లీ బదులు అవసరం లేదు. ఆయన ఆఫీసుకు తిరిగొచ్చిన రోజు పని మాట ఎత్తే ముందు ‘అమ్మీ కైసీ హై?’ అని అడగండి. భర్త పోయిన స్త్రీ 4 నెలల 10 రోజులు ‘ఇద్దత్’ పాటిస్తారు, అవసరం ఉంటే తప్ప బయటికి రారు. ఆ నెలల్లో ఇంటి పనులు చాలావరకు కొడుకు మీదే ఉండవచ్చు. సాయంత్రం ఆయన కాస్త ముందుగా లేస్తే ఆ మిగిలిన పని మీరు అందుకోండి. ‘ఖిద్మత్ కే లియే హాజిర్ హూ’ అని రాశారు కదా!