నాలుక మీద తెల్లపొర, చేతిలో ఇన్‌హేలర్

ఆవకాయ నంజుకుంటే నాలుక మీద నిప్పు పెట్టినట్టుంది. కాఫీ తాగితే రుచే తెలియడం లేదు, నోట్లో దూది కుక్కినట్టుంది. అద్దం ముందు నోరు తెరిస్తే బుగ్గల లోపల, నాలుక వెనక భాగంలో, అంగిట్లో పెరుగు మీగడ అంటుకున్నట్టు తెల్లటి పేలికలు.

ఛాతీ వైద్యుల ఓపీలో తరచూ కనిపించే మనిషి ఎలా ఉంటారో చెప్పుకోవడానికి ఒక టీచరమ్మను ఊహించుకుందాం. వయసు అరవై దాటింది, రిటైరయ్యారు. ఇరవై ఏళ్లుగా ఆస్తమా. పై దవడకు కట్టుడు పళ్ల సెట్టు. భోగిమంటల పొగకు ఆయాసం ముదిరింది. డాక్టరు వారం రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు, అయిదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు వేసుకోమన్నారు. పొద్దునా రాత్రీ పీల్చే బుడెసొనైడ్‌ను 200 మైక్రోగ్రాముల నుంచి 400కు పెంచారు. ఆయాసం తగ్గింది. మూడు వారాలకు నోట్లో ఈ తెల్లపొర మొదలైంది.

మొదట ఆవిడ 'వేడి చేసింది' అనుకున్నారు. మజ్జిగ తాగారు, సబ్జా గింజలు నానబెట్టుకున్నారు. మందుల షాపులో బి-కాంప్లెక్స్ అట్ట ఇచ్చారు. మన దగ్గర నోటిలో ఏ బాధ వచ్చినా కౌంటరు మీదికి ముందుగా వచ్చే మందు అదే! నాలుకబద్దతో గట్టిగా గీకితే పొర కొంత ఊడింది కానీ కింద ఎర్రగా పచ్చిపుండులా తేలి నెత్తురు చిమ్మింది. పక్కింటావిడ వచ్చి "ఇదంతా ఆ పంపు వల్లే అక్కా, మానెయ్" అన్నారు. మానేశారు. నాలుగో రాత్రికి పిల్లికూతలతో నిద్ర పట్టక కూర్చున్నారు.

పక్కింటావిడ కారణాన్ని సగం సరిగ్గానే పట్టుకున్నారు. చెప్పిన వైద్యమే తప్పు.

ఆ తెల్లపొర పేరు ఓరల్ థ్రష్. తెచ్చేది క్యాండిడా అనే ఫంగస్, అందులోనూ ఎక్కువగా క్యాండిడా ఆల్బికాన్స్. బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్టుకు ఇది దూరపు చుట్టం. బయటి నుంచి వచ్చిపడే దొంగ కాదు. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది నోళ్లలో ఏ ఇబ్బందీ పెట్టకుండా కాపురం ఉంటుంది. లాలాజలం దాన్ని కడిగేస్తుంటుంది, మంచి బ్యాక్టీరియా చోటివ్వదు, నోటి పొరల్లోని రక్షణ కణాలు కాపలా కాస్తాయి. ఈ మూడింటిలో ఏది బలహీనపడినా ఇన్నాళ్లూ గుండ్రటి చుక్కల్లా ఉన్న క్యాండిడా పొడుగాటి దారాలుగా సాగి నోటి పొరలోకి దిగుతుంది. మనకు కనిపించే పేలిక అంటే ఆ దారాలు, ఊడిన చర్మకణాలు, తిండి తుక్కు కలిసిన ముద్ద.

టీచరమ్మ విషయంలో మూడు కాపలాలూ ఒకేసారి సడలాయి. యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేసింది. స్టెరాయిడ్ మాత్రలు రోగనిరోధక శక్తిని కొంత అణిచాయి. ఇన్‌హేలర్ మందు అయితే నేరుగా నోట్లోనే కూర్చుంది.

పీల్చే మందు మొత్తం ఊపిరితిత్తుల్లోకే పోతుందని చాలామంది అనుకుంటారు. గొట్టం నుంచి వచ్చిన మందులో పెద్ద రేణువులు మలుపు తిరగలేక నాలుక మీద, గొంతు గోడ మీద పడిపోతాయి. పాత తరం స్ప్రేల్లో ఊపిరితిత్తుల దాకా చేరేది నూటికి పది, ఇరవై పాళ్లే. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నోటికీ గొంతుకే దక్కేది. స్టెరాయిడ్ పని వాపును, దానికి కారణమైన రక్షణ కణాల హడావుడిని తగ్గించడం. ఊపిరి గొట్టాల్లో మనకు కావలసింది అదే. నాలుక మీద అదే పని జరిగితే క్యాండిడాకు కాపలా తీసేసినట్టవుతుంది. పీల్చే స్టెరాయిడ్లలో మొదటగా పేరు తెచ్చుకున్న బెక్లోమెథాసోన్ 1970ల మొదట్లో బ్రిటన్‌లో వాడకంలోకి వచ్చినప్పుడే వైద్యులు ఈ తెల్లపొరను గమనించారు. మోతాదు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. గొంతు బొంగురుపోవడం కూడా ఈ మందుతో వచ్చే చిక్కే, అయితే దానికి ఫంగసే కారణం కానక్కర్లేదు.

ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉండదు. నోట్లో తెల్లపొరకు అది కారణం కాదు. రోజూ రెండుపూటలా వాడే బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటివాటి గురించే ఈ మాటంతా.

డాక్టరు గాజుగుడ్డతో పొరను నెమ్మదిగా తుడిచారు. ఊడి వచ్చింది, కింద ఎర్రగా కనిపించింది. థ్రష్‌ను పట్టించే గుర్తు ఇదే. చాలాసార్లు చూపుతోనే తేల్చేస్తారు, అనుమానం ఉంటే ఆ తుడిచిన ముద్దను మైక్రోస్కోపు కింద చూస్తారు. ఎంత తుడిచినా ఊడని తెల్లమచ్చ అయితే దారి వేరు. గుట్కా, ఖైనీ నమిలేవారిలో, చుట్ట కాల్చేవారిలో, శ్రీకాకుళం ప్రాంతంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అలాంటి మచ్చ కనిపిస్తే క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. దానికి ఫంగస్ మందు రాస్తూ నెలలు గడపకూడదు.

తర్వాత డాక్టరు ఒక చిన్న పని చేయించారు. "ఏదీ, ఇంట్లో ఎలా పీలుస్తారో అలాగే నా ముందు పీల్చి చూపించండమ్మా."

ఆవిడది క్యాప్సూల్ గుచ్చి పొడి పీల్చే పరికరం. టీ చప్పరించినట్టు మెల్లగా లాగారు. పొడి ఇన్‌హేలర్‌ను ఒక్కసారిగా, బలంగా, లోతుగా లాగాలి. మెల్లగా లాగితే పొడి విడిపోక నోట్లోనే మిగులుతుంది. స్ప్రే పంపుకు పద్ధతి ఇందుకు తలకిందులు. పంపు నొక్కుతూ నిదానంగా పీల్చాలి. దానికి స్పేసర్ అనే ప్లాస్టిక్ బుంగ తగిలిస్తే పెద్ద రేణువులు దాని గోడలకే అంటుకుపోయి నోటి మీద భారం బాగా తగ్గుతుంది. పొడి ఇన్‌హేలర్లకు స్పేసర్ పనికిరాదు.

"నోరు పుక్కిలిస్తున్నారా?"

"ఆఁ, నీళ్లు తాగుతానండీ."

తాగితే సరిపోదు. గొంతు వెనక దాకా నీళ్లు తగిలేలా గరగర పుక్కిలించి ఉమ్మెయ్యాలి, రెండు మూడుసార్లు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆవిడ పొద్దున పళ్లు తోముకున్నాక ఇన్‌హేలర్ పీలుస్తారు, రాత్రి మంచం మీద కూర్చుని పీల్చి అలాగే పడుకుంటారు. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. కట్టుడు పళ్లు కూడా తియ్యరు. అంటే రాత్రి పడ్డ మందు సెట్టుకూ అంగిటికీ మధ్య తెల్లారేదాకా ఉంటుంది. డాక్టరు వరస మార్చారు. ముందు ఇన్‌హేలర్, తర్వాత పళ్లు తోముకోవడం, పుక్కిలించడం. ఇలా చేస్తే మరిచిపోవడం కూడా తక్కువ.

కట్టుడు పళ్లే ఒక పెద్ద కారణం. సెట్టు కింద ఫంగస్ పెరిగితే తెల్లపొరకు బదులు ఆ సెట్టు ఆకారంలోనే అంగిలి ఎర్రబడుతుంది, పెద్దగా నొప్పి ఉండదు. పెదాల మూలలు పగిలి మానకుండా ఉండటం ఇంకో రూపం. సెట్టును రాత్రిపూట తీసి, బ్రష్‌తో తోమి, దంతవైద్యులు చెప్పిన ద్రావణంలో నానబెట్టాలి. నోటికి మందు రాసి సెట్టును వదిలేస్తే వారం తిరక్కుండానే ఫంగస్ దాని మీద నుంచి మళ్లీ నోటికి ఎక్కుతుంది.

ఇన్‌హేలర్ గానీ, యాంటీబయాటిక్ గానీ, కట్టుడు పళ్లు గానీ ఏవీ లేకుండా పెద్దవాళ్లలో థ్రష్ కనిపిస్తే వైద్యులు ఊరుకోరు. రక్తంలో చక్కెర చూస్తారు, అదుపులో లేని షుగరు క్యాండిడాకు విందు. హెచ్ఐవీ పరీక్ష రాస్తారు. 1981 జూన్‌లో అమెరికా ప్రభుత్వ వైద్య పత్రికలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన అయిదుగురు యువకుల గురించి వచ్చిన నివేదిక తర్వాత ఎయిడ్స్ అని పేరుపడిన జబ్బుకు తొలి రికార్డు. ఆ అయిదుగురికీ క్యాండిడా సోకి ఉంది. కీమోథెరపీ, మెడకు రేడియేషన్ తీసుకునేవారు కూడా ఈ జాబితాలో ఉంటారు. పసిపిల్లల సంగతి వేరు. వాళ్ల రక్షణ వ్యవస్థ ఇంకా కుదురుకోనందువల్ల నెలల బిడ్డకు తెల్లపొర రావడం మామూలే. తుడిస్తే పోయేది పాలు, పోనిది థ్రష్. తల్లి చనుమొనలకూ సోకితే ఇద్దరికీ కలిపి మందు వాడాలి.

టీచరమ్మకు డాక్టరు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాశారు. రోజుకు మూడు నాలుగుసార్లు, తిండి తిన్నాక రాసుకుని, నోట్లో కాసేపు తిప్పి, తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. ఈ మందుల పనంతా తగిలి ఉండటంలోనే ఉంది. గబుక్కున మింగేస్తే డబ్బు దండగ. నాలుగో రోజుకు పొర పోయినా ఆపకూడదు. మామూలుగా ఏడు నుంచి పద్నాలుగు రోజులు వాడాలి.

నిస్టాటిన్ చుక్కలు కూడా ఇలాగే వాడతారు. దీని వెనక ముచ్చటైన కథ ఉంది. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో, రేచల్ బ్రౌన్ ఆల్బనీలో ఉండి, మట్టి నమూనాల నుంచి తీసిన సరుకును పోస్టులో ఒకరికొకరు పంపుకుంటూ ఈ మందును కనిపెట్టి 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు.

జబ్బు ఎక్కువగా ఉన్నా, పూత మందుకు లొంగకపోయినా ఫ్లూకొనజోల్ మాత్రలు ఇస్తారు. బాగా పనిచేస్తాయి, అందుకే షాపులో అడిగి తెచ్చుకునేవారు ఎక్కువ. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రల మీద ఉన్నవారిలో ఇది చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం తేగలదు. వార్ఫరిన్ విషయంలో నోటికి రాసే మైకొనజోల్ జెల్ కూడా తక్కువది కాదు. వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాకే వీటిని మొదలుపెట్టాలి. మింగుతున్నప్పుడు ఛాతీలో నొప్పి, ముద్ద అడ్డం పడ్డట్టు అనిపించడం ఉంటే ఫంగస్ అన్నవాహికలోకి దిగిందేమో చూడాలి. అప్పుడు పూత మందు చాలదు.

ఇన్‌హేలర్‌ను డాక్టరు ఆపలేదు, తిరిగి మొదలుపెట్టించారు. ఆస్తమా అదుపులోకి వచ్చాక మోతాదును మళ్లీ 200కు తగ్గిస్తామన్నారు. అప్పటికీ థ్రష్ తిరగబెడుతుంటే సిక్లెసొనైడ్ అనే మందు ఉంది. అది ఊపిరితిత్తులకు చేరాకే ప్రధానంగా చురుకవుతుంది కాబట్టి నోటికి బెడద తక్కువ.

రెండు వారాల తర్వాత టీచరమ్మ శుభ్రమైన నాలుకతో వచ్చారు. మరిచిపోకుండా ఇన్‌హేలర్‌నూ క్యాప్సూళ్లనూ స్నానాల గదిలో టూత్‌బ్రష్ పక్కనే పెట్టుకున్నానని గర్వంగా చెప్పారు. డాక్టరు నవ్వి, తడికి పొడి గడ్డకడుతుందని, వాటిని బయట వాష్‌బేసిన్ పక్కనున్న అలమరలోకి మార్చమన్నారు.