రికార్డ్ డేట్ ముందు రోజు షేర్ కొంటే లాభమేనా?

"భాయ్, ఎల్లుండి రికార్డ్ డేట్. రేపు వంద షేర్లు కొంటే షేర్‌కు 20 రూపాయల లెక్కన రెండు వేలు ఊరికే వస్తాయి. శుక్రవారం అమ్మేద్దాం." మా ఖాలా కొడుకు ఓ బుధవారం ఫోన్ చేసి అన్న మాట ఇది. చెల్లెలి పెళ్లికి దాచిన 50 వేలు అతని చేతిలో ఉన్నాయి. షేర్ ధర 500. లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది.

రికార్డ్ డేట్ అంటే, ఆ రోజు ముగిసే సరికి కంపెనీ జాబితాలో ఎవరి పేరు ఉంటే వారికే డివిడెండ్. మన దేశంలో ఈరోజు కొన్న షేర్లు మరుసటి ట్రేడింగ్ రోజున డీమ్యాట్‌లోకి వస్తాయి. 2023 జనవరి చివరి నుంచి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి. కాబట్టి శుక్రవారం రికార్డ్ డేట్ అయితే గురువారంలోగా కొనాలి. శుక్రవారం కొన్నవారి పేరు సోమవారం గానీ ఎక్కదు, వారికి డివిడెండ్ రాదు. అలా డివిడెండ్ హక్కు లేకుండా షేర్ చేతులు మారే మొదటి రోజే ఎక్స్ డివిడెండ్ డేట్. ఇప్పుడు మామూలుగా ఈ రెండు తేదీలూ ఒకటే. రికార్డ్ డేట్ సోమవారం పడితే మాత్రం శుక్రవారమే కొనాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఇక మెలిక సంగతి. గురువారం 500 పెట్టినవారికి షేర్‌తో పాటు 20 రూపాయల హక్కు కూడా దక్కింది. శుక్రవారం కొనేవారికి ఆ 20 లేదు. మరి వారెందుకు 500 ఇస్తారు? 480 దగ్గరే బేరం మొదలవుతుంది. ఈ తగ్గుదల ఎక్స్ఛేంజ్ పెట్టే కోత కాదు, కొనేవారి లెక్క. కంపెనీ ఖజానా నుంచి షేర్‌కు 20 రూపాయలు బయటికి పోతున్నాయి కాబట్టి షేర్ విలువ కూడా ఆ మేరకు తగ్గుతుంది. డబ్బు బ్యాంకులో పడడానికి కొన్ని వారాలు పట్టినా, ధర మాత్రం ఎక్స్ డేట్ నాడే తగ్గుతుంది.

అతని లెక్కే చూద్దాం. 50 వేల షేర్లు 48 వేలవుతాయి. తర్వాత రెండు వేలు డివిడెండ్ వస్తుంది. మొత్తం మళ్లీ 50 వేలే. ఆ రెండు వేలు ఆదాయం కింద లెక్క కాబట్టి 20 శాతం శ్లాబులో ఉన్నవారు 400 పన్ను కట్టాలి. అమ్మకంలో వచ్చిన రెండు వేల నష్టాన్ని డివిడెండ్ ఆదాయంలో తగ్గించి చూపడానికి వీల్లేదు. బ్రోకరేజీ, ఇతర ఛార్జీలు అదనం.

అదే రోజు మార్కెట్ మొత్తం పెరిగితే షేర్ 490 దగ్గర నిలవచ్చు, పడిపోతే 470కి జారవచ్చు. డివిడెండ్ ఒక రూపాయో రెండో అయితే రోజువారీ ఊగిసలాటలో ఆ తేడా కనపడదు కూడా. అందుకే "మా షేర్ తగ్గలేదు" అని కొందరంటారు.

కంపెనీ మీద నమ్మకంతో ఏళ్ల తరబడి షేర్లు ఉంచుకునేవారికి డివిడెండ్ నిజమైన ఆదాయమే. ఒక్క రోజు కోసం కొనేవారికి మాత్రం తమ డబ్బే, పన్ను పోగా తిరిగి వస్తుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మా వాడు ఆ గురువారం షేర్లు కొనలేదు.