వీటోపై వాదన: తొమ్మిదో తరగతి డిబేట్ ప్రసంగం వెనుక కథ



ఈ నెల తొమ్మిదో తరగతి డిబేట్‌కు ఇచ్చిన అంశం ఇది: "సామూహిక హత్యాకాండ జరుగుతున్నప్పుడు భద్రతా మండలిలో వీటోను పరిమితం చేయాలి." అనుకూలంగా మాట్లాడిన ఒక విద్యార్థిని మొదటి ప్రతిలో "వీటోను రద్దు చేయాలి" అని రాసింది. చివరి ప్రతిలో ఆ వాక్యం లేదు. ఎందుకు తీసేసిందో తెలిస్తే మీ పిల్లల ప్రసంగం ఎలా వినాలో కూడా తెలుస్తుంది.

ముందు నియమం చూద్దాం. భద్రతా మండలిలో 15 దేశాలుంటాయి. ముఖ్యమైన తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు కావాలి. పైగా అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఏ ఒక్కటీ వ్యతిరేకంగా ఓటు వేయకూడదు. ఆ వ్యతిరేక ఓటే వీటో. ఓటు వేయకుండా తటస్థంగా ఉంటే అది వీటో కాదు. ఈ చిన్న తేడా మీదే మా విద్యార్థిని ప్రసంగమంతా నిలబడింది.

ఆమె రెండు ఓటింగ్‌లను పక్కపక్కన పెట్టింది. 2014 మే 22న సిరియా యుద్ధ నేరాలను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపాలన్న తీర్మానం ఓటుకు వచ్చింది. అప్పటికే లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. సిరియా ఆ కోర్టులో సభ్యదేశం కాదు. తనంతట తాను ఒప్పుకోదు కాబట్టి, కేసు అక్కడికి వెళ్లాలంటే మిగిలిన దారి భద్రతా మండలే. 13 దేశాలు అవునన్నాయి. రష్యా, చైనా కాదన్నాయి. దాంతో తీర్మానం వీగిపోయింది.

అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2005లో, సూడాన్‌లోని దార్ఫుర్ విషయంలో ఇలాంటి తీర్మానమే వచ్చింది. ఆ కోర్టు అంటే అమెరికాకు గిట్టదు. చైనాకు సూడాన్‌తో చమురు సంబంధాలున్నాయి. అయినా రెండూ తటస్థంగా ఉండిపోయాయి. 11 ఓట్లతో తీర్మానం నెగ్గింది. నాలుగేళ్ల తర్వాత సూడాన్ అధ్యక్షుడు బషీర్‌పైనే అరెస్టు వారెంటు వచ్చింది. కాబట్టి ఆమె కోరింది కొత్త అధికారం కాదు, 2005లో చూపిన ఆ నిగ్రహం అలవాటు కావాలని.

"రద్దు" అనే మాట ఇక్కడే పోయింది. ఐక్యరాజ్యసమితి చార్టర్ సవరణకు ఆ ఐదు దేశాల ఆమోదం కూడా తప్పనిసరి. తమ అధికారాన్ని తామే తీసేసుకోమని అడిగితే ప్రత్యర్థి జట్టు ఒక్క వాక్యంతో పడగొట్టేస్తుంది. అందుకే ఫ్రాన్స్ సవరణ అడగలేదు. హత్యాకాండ విషయంలో ఐదు దేశాలూ స్వచ్ఛందంగా వీటో మానుకోవాలని ప్రతిపాదించింది. ఐదింటిలో ఫ్రాన్స్, బ్రిటన్ ఇలాంటి ప్రవర్తనా నియమావళికి ఒప్పుకున్నాయి. మిగతా మూడూ ఒప్పుకోలేదు.

తర్వాతి ప్రశ్న: ఏది హత్యాకాండో ఎవరు తేల్చాలి? కనీసం 50 దేశాలు కోరితే సమితి సెక్రటరీ జనరల్ తేల్చాలన్నది ఫ్రాన్స్ ఆలోచన. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది: తమ కీలక జాతీయ ప్రయోజనాలు ముడిపడి ఉంటే వీటో వాడుకోవచ్చు. ప్రత్యర్థి జట్టు సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. "ప్రతి దేశమూ ఇది నా కీలక ప్రయోజనమే అంటుంది కదా?" మా విద్యార్థిని దాన్ని కాదనలేదు. "అంటుంది. కానీ అందరి ముందూ నిలబడి అనాల్సి వస్తుంది" అని బదులిచ్చింది. 2022 ఏప్రిల్‌లో సర్వసభ్య సభ చేసిన తీర్మానాన్ని ఆధారంగా చూపింది. ఇప్పుడు ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సర్వసభ్య సభ సమావేశమై దానిపై చర్చించాలి. వీటో ఆగదు గానీ, సంజాయిషీ అడిగే వేదిక ఒకటి ఏర్పడింది.

అన్నిటికన్నా గట్టి దెబ్బ రువాండా. 1994లో అక్కడ సుమారు 8 లక్షల మందిని చంపారు. ఎవరూ వీటో వేయలేదు. పైగా హత్యలు సాగుతుండగానే మండలి అక్కడి శాంతిసేనను ఏకగ్రీవంగా తగ్గించింది. మరి వీటో పరిమితం చేస్తే ఏం లాభం? సాధన రోజు ఈ ప్రశ్నకు ఆమె నోట మాట రాలేదు. పోటీ రోజున మాత్రం ప్రత్యర్థులు అడగకముందే తానే ఎత్తింది. "వీటో తీసినంత మాత్రాన సాయం చేయాలన్న మనసు పుట్టదు. కానీ 13 దేశాలకు మనసున్నప్పుడు రెండు దేశాలు ఆపకుండా చూడొచ్చు. నేను అడిగేది అంతే" అంది.

జడ్జీలు ఎక్కువ మార్కులు వేసింది ఆ "అంతే"కే. మీ అబ్బాయి, అమ్మాయి ఇంట్లో ప్రసంగం వినిపించినప్పుడు చప్పట్లు కొట్టే ముందు ఒక్కటి అడగండి: "నువ్వు చెప్పింది జరిగినా తీరని సమస్య ఏది?" రువాండా పేరు చెబితే సిద్ధంగా ఉన్నట్టే.