ఇంటర్వ్యూకు ముందు రాసుకునే ‘వైఫల్యం’ జవాబు

‘మీరు విఫలమైన సందర్భం చెప్పండి’ అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు ముందుగా రాసుకునే జవాబులో సాధారణంగా పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం ఉంటాయి. మొదటి రెండింటికీ రెండు మూడు వాక్యాలు చాలు. బరువంతా చేసిన పని మీదే ఉండాలి. చాలామంది తప్పించుకుపోయేది కూడా అక్కడే.

ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు డేటాబేస్‌లో ఒక కాలమ్ పేరు మార్చాడనుకుందాం. పాత పేరుతో నడిచే బిల్లింగ్ ప్రోగ్రాం ఆగిపోయింది. ‘టెస్టింగ్‌కు సమయం దొరకలేదు’ అని రాస్తే తప్పు గడువు మీదకు పోతుంది. ‘ఆ కాలమ్‌ను మా టీమ్ ఒక్కటే వాడుతోందనుకున్నాను, ఇంకెవరైనా వాడుతున్నారేమో వెతకలేదు’ అని రాస్తే అసలు పొరపాటు బయటపడుతుంది. దిద్దుబాటు కూడా అంతే స్పష్టంగా ఉండాలి. తర్వాతి మార్పులో ముందు కొత్త కాలమ్ చేర్చి, కొంతకాలం రెండింటిలోనూ డేటా రాసి, పాతదాన్ని ఎవరూ చదవడం లేదని లాగ్‌లలో చూశాకే తీసేశాడు. ‘జాగ్రత్తగా ఉండడం నేర్చుకున్నాను’ అన్న మాట ఈ వివరానికి సాటిరాదు.

రాసిన జవాబును బయటికి చదివితే సుమారు రెండు నిమిషాల్లో ముగియాలి. ‘మేము’ అన్నచోటల్లా ‘నేను’ పెట్టి చూస్తే సొంత పాత్ర ఎంతో తేలుతుంది. అయితే దాన్ని కంఠస్థం చేస్తే, ‘లాగ్‌లు ఎన్నాళ్లు చూశారు?’ అన్న చిన్న ప్రశ్నకే తడబాటు మొదలవుతుంది.