ముస్సోలినీకి చమురు ఎందుకు ఆపలేదు?

మా పిన్ని కూతురు సివిల్స్‌కి ప్రిపేరవుతోంది. పోయిన ఆదివారం ఓ జవాబు రాసి తెచ్చి, "చదివి ఎలా ఉందో చెప్పు అన్నయ్యా" అంది. నేను చదివింది ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాకపోతే చరిత్ర పుస్తకాల పిచ్చి ఒకటుంది, అది ఇంట్లో అందరికీ తెలుసు.

ప్రశ్న ఇది: రెండు ప్రపంచ యుద్ధాల నడుమ నియంతలు ఎలా ఎదిగారు, సామూహిక భద్రత ఎందుకు విఫలమైంది? తను సగం పేజీలో వెర్సాయ్ ఒప్పందం, ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం రాసింది. మిగతా సగంలో నానాజాతి సమితికి సైన్యం లేదు, అమెరికా చేరలేదు, నిర్ణయాలకి అందరి ఒప్పుదల కావాలి అని రాసింది. అన్నీ నిజాలే. కానీ పాసు మార్కులు దాటవనిపించింది.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే "సిస్టం బలహీనంగా ఉంది" అని రిపోర్టు రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఏ అడుగు దగ్గర ఆగింది, అక్కడ ఎవరు ఏం చెయ్యలేదు అన్నది చెప్పాలి. అదే పని ఈ ప్రశ్నకీ చేద్దామన్నాను. దానికి అబిసీనియాని మించిన ఉదాహరణ లేదు. అబిసీనియా అంటే ఇప్పటి ఇథియోపియా.

1935 అక్టోబరు 3న ముస్సోలినీ సైన్యాలు యుద్ధం ప్రకటించకుండానే ఆ దేశంలోకి చొరబడ్డాయి. ఇటలీ, అబిసీనియా రెండూ సమితి సభ్యులే. సమితి ఒడంబడికలో 16వ అధికరణం చాలా సూటిగా ఉంటుంది. మాట తప్పి యుద్ధానికి దిగిన సభ్యదేశం మిగతా అందరి మీదా యుద్ధానికి దిగినట్టే లెక్క, దానితో వ్యాపార సంబంధాలన్నీ వెంటనే తెంచెయ్యాలి. మరి సమితి కదల్లేదా? కదిలింది. నాలుగు రోజులకే, అక్టోబరు 7న, కౌన్సిల్ ఇటలీని దోషిగా తేల్చింది. కొద్ది రోజుల్లో 50 దేశాలు ఆంక్షలకి సరేనన్నాయి. అంటే మా చెల్లి రాసిన "అందరి ఒప్పుదల" అనే అడ్డంకి ఇక్కడ అసలు అడ్డమే రాలేదు.

ఆగింది తర్వాతి అడుగు దగ్గర. నవంబరు 18న ఆంక్షలు అమల్లోకి వచ్చాయి. ఇటలీకి ఆయుధాలు అమ్మకూడదు, అప్పులివ్వకూడదు, ఇటలీ సరుకు కొనకూడదు. రబ్బరు, తగరం లాంటి కొన్ని సరుకులు ఎగుమతి చెయ్యకూడదు. ఇటలీ లారీలూ, విమానాలూ, యుద్ధనౌకలూ దేనితో నడుస్తాయో ఆ చమురు మాత్రం జాబితాలో లేదు. బొగ్గూ, ఉక్కూ కూడా లేవు. ఇటలీ సైన్యాన్ని ఆఫ్రికాకి మోసుకెళ్తున్న ఓడలు సూయజ్ కాలువ గుండా సుంకం కట్టి దర్జాగా వెళ్లాయి. యుద్ధకాలంలోనూ కాలువ అందరికీ తెరిచి ఉండాలన్న 1888 నాటి ఒప్పందాన్ని బ్రిటన్ కారణంగా చూపింది.

"అమెరికా సమితిలో లేదుగా, వీళ్లు ఆపినా అది అమ్మేది కదా?" అని అడిగింది మా చెల్లి. మంచి ప్రశ్న. అమెరికా చట్టం ఆయుధాల అమ్మకాన్నే ఆపింది, చమురుని కాదు. అక్కడి కంపెనీల అమ్మకాలు ఆ నెలల్లో పెరిగాయి కూడా. ఈ సందేహం మీదే సమితి నిపుణులతో లెక్క వేయించింది. 1936 ఫిబ్రవరిలో వాళ్లు తేల్చింది ఇదీ: అమెరికా తన అమ్మకాలని మామూలు స్థాయి దాటనివ్వకపోతే, చమురు ఆంక్ష మూడు, మూడున్నర నెలల్లో ఫలిస్తుంది. అంటే ఇది అమెరికా కలిసొస్తేనే పారే ఆయుధం. గ్యారంటీ లేదు. కానీ పనికిరాదని తేలి పక్కన పెట్టింది కాదు, అసలు వాడి చూడనిది.

ఎందుకు వాడలేదు? ఇక్కడే ప్రశ్నలోని రెండు సగాలూ కలుస్తాయి. 1935 ఏప్రిల్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ స్ట్రెసా అనే ఊళ్లో కలిసి, జర్మనీ ఒప్పందాలు మీరడాన్ని ఎదిరిస్తామని ప్రకటించాయి. ఫ్రాన్స్‌కి అసలు భయం హిట్లర్. ముస్సోలినీని మరీ నొప్పిస్తే అతను హిట్లర్ పక్కకి పోతాడని లెక్క. చమురు ఆపితే తన మీదే యుద్ధానికి వస్తాడేమోనని బ్రిటన్ జంకు. అందుకే కోపం వచ్చేంత ఆంక్షలు పెట్టారు గానీ, యుద్ధం ఆగేంత పెట్టలేదు.

డిసెంబరులో ఇంకో తప్పు చేశారు. బ్రిటన్ విదేశాంగ మంత్రి హోర్, ఫ్రాన్స్ ప్రధాని లావాల్ గుట్టుగా కూచుని, అబిసీనియాలో పెద్ద భాగాన్ని ఇటలీ చేతికిచ్చే పథకం తయారుచేశారు. అది పారిస్ పత్రికలకి పొక్కింది. బ్రిటన్‌లో జనం మండిపడ్డారు, హోర్ రాజీనామా చేశాడు. పథకం పోయింది. దానితోపాటు ఆంక్షల మీద మిగిలిన నమ్మకమూ పోయింది.

ఇటలీలో దీనికి తలకిందులుగా జరిగింది. ఆ డిసెంబరు 18న యుద్ధ ఖర్చు కోసం ఆడవాళ్లు తమ పెళ్లి ఉంగరాలు తీసి ఇచ్చారు. రాణి ఎలెనా కూడా ఇచ్చింది. "మన మీద 50 దేశాలు కక్ష కట్టాయి" అని చెప్పుకునే వీలు ముస్సోలినీకి దొరికింది. సగం ఆంక్షలు నియంతని దించలేదు సరికదా, ఇంట్లో ఇంకా బలపరిచాయి.

1936 మార్చి మొదట్లో బ్రిటన్ చమురు ఆంక్షకి సిద్ధమేనంది. ఫ్రాన్స్ ఇంకోసారి రాజీ ప్రయత్నం చేద్దామంది. ఆ మాటలు నడుస్తుండగానే, మార్చి 7న హిట్లర్ తన సైన్యాన్ని రైన్‌లాండ్‌లోకి పంపాడు. ఒప్పందాల ప్రకారం అక్కడ జర్మన్ సైనికుడు అడుగు పెట్టకూడదు. ఇక ఫ్రాన్స్‌కి అబిసీనియా గురించి ఆలోచించే తీరిక లేదు. ఇటలీ విమానాలు నిషేధించిన మస్టర్డ్ గ్యాస్‌ని జనం మీద చల్లుతూనే ఉన్నాయి. మే 5న రాజధాని అడిస్ అబాబా పడిపోయింది. జూన్ 30న చక్రవర్తి హైలీ సెలాసీ స్వయంగా జెనీవా వచ్చి సమితి ముందు నిలబడి న్యాయం అడిగాడు. జూలైలో సమితి ఆంక్షలు ఎత్తేసింది.

చమురు ఆపి ఉంటే వారంలో వెనక్కి రావాల్సి వచ్చేదని ముస్సోలినీ 1938లో హిట్లర్‌తో అన్నట్టు, అక్కడున్న దుబాసీ పాల్ ష్మిత్ తన జ్ఞాపకాల్లో రాశాడు. వారం అన్నది గొప్పలే కావచ్చు. కానీ అతను దేనికి భయపడ్డాడో తెలుస్తోంది.

ఇంతకీ ఎవరి స్నేహం కోసం ఇదంతా చేశారో, ఆ ముస్సోలినీ 1936 అక్టోబరుకల్లా హిట్లర్‌తో చేతులు కలిపాడు. 1937 డిసెంబరులో సమితి నుంచి బయటికి పోయాడు. ఇటలీ స్నేహమూ దక్కలేదు, సమితి పరువూ దక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే.

"250 మాటల్లో ఇదంతా ఎలా ఇరికించను?" అంది మా చెల్లి. అంతా వద్దన్నాను. వెర్సాయ్, మాంద్యం రెండు వాక్యాల్లో చెప్పి, మిగతా చోటు ఈ ఒక్క ఉదాహరణకి ఇవ్వమన్నాను. ఆ రాత్రి మళ్లీ రాసి ఫోన్లో పంపింది. చివరి వాక్యం నాకు నచ్చింది: "సమితికి ఆయుధం లేక ఓడిపోలేదు, ఉన్నదాన్ని సగమే వాడింది, ఆ సగం చూసే రెండో నియంత ధైర్యం తెచ్చుకున్నాడు."