మీకు తెలుసా? కండరంలోనూ ఓ హైడ్రైడ్ దాత
ప్రయోగశాలలో సోడియం బోరోహైడ్రైడ్ చేసే పనినే కండరంలో ఎన్‌ఏడీహెచ్ చేస్తుంది. రెండూ కార్బొనైల్ కార్బన్‌కు హైడ్రైడ్‌ను, అంటే రెండు ఎలక్ట్రాన్లతో కూడిన హైడ్రోజన్‌ను, అందిస్తాయి. బోరోహైడ్రైడ్‌లో అది బోరాన్ నుంచి, ఎన్‌ఏడీహెచ్‌లో నికోటినమైడ్ వలయపు నాలుగో కార్బన్ నుంచి వస్తుంది. హైడ్రైడ్‌ను వదిలాక ఆ వలయం తిరిగి ఆరోమాటిక్ స్థిరత్వం పొందుతుంది.

పైరువేట్‌ను బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేస్తే, హైడ్రైడ్ అణుతలానికి రెండు వైపుల నుంచీ సమానంగా చేరుతుంది. డి-, ఎల్-లాక్టేట్‌లు సగం సగం ఏర్పడతాయి. కండరంలో లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ పైరువేట్‌ను ఒకే భంగిమలో పట్టి ఉంచుతుంది. అందువల్ల ఎల్-లాక్టేట్ మాత్రమే వస్తుంది. ఎంజైమ్ లేకపోతే ఎన్‌ఏడీహెచ్ పైరువేట్‌ను దాదాపు తాకదు. ఎంజైమ్ ఉన్నప్పుడు చర్య సాగుతోందనడానికి గుర్తు, 340 నానోమీటర్ల వద్ద ఎన్‌ఏడీహెచ్ కాంతి శోషణ తగ్గడం.