వార్తల్లో పదం: సున్నా రేటు

మలేసియాలో 2018 జూన్ 1న జీఎస్టీ 6 శాతం నుంచి సున్నాకు దిగింది. అలాంటప్పుడు వర్తక సంఘం అధ్యక్షుడు సభ్యులకు ముందుగా చెప్పాల్సింది ఒకటే: పన్ను రద్దు కాలేదు, రేటే సున్నా అయింది. బిల్లులో 0 శాతం చూపాలి, రిటర్నులూ వేయాలి.

మే నెలలో ఓ కొట్టు యజమాని 100 రింగిట్ల సరుకు కొని, దానిమీద 6 రింగిట్ల పన్ను కట్టాడనుకుందాం. జూన్‌లో అమ్మేటప్పుడు గిరాకీ దగ్గర పన్ను తీసుకోడు. తాను కట్టిన 6 మాత్రం వెనక్కి అడగొచ్చు. అదే ‘మినహాయింపు’ సరుకైతే అడగలేడు; ఆ 6 ధరలోనే కలుస్తుంది. ఈ తేడా విప్పి చెప్పకుండా ‘పన్ను పోయింది’ అనేస్తే సభ్యులు రావాల్సిన డబ్బు వదులుకుంటారు.

సెప్టెంబరు 1న జీఎస్టీ స్థానంలో అమ్మకం, సేవా పన్నులు వచ్చాయి. వాటిలో ఇలా వెనక్కి అడిగే పద్ధతి లేదు.